ఐదు కిలోల మిర్చికి పది కిలోల రేటు.. కొరియర్ బిల్లులో అసలు లెక్క ఇదీ!

మార్టూరు నుంచి హైదరాబాద్‌లోని పిల్లలకు ఐదు కిలోల ఎండుమిర్చి పంపాలనుకున్నారు. ఇంట్లో తూకం వేస్తే పెట్టెతో కలిపి ఐదున్నర కిలోలు కూడా లేదు. తీరా కొరియర్ కౌంటర్‌కు వెళ్తే రసీదు మీద తొమ్మిదిన్నర కిలోలని రాశారు. కాటాలో తేడా ఉందా? మోసం చేశారా? చాలామందికి వచ్చే అనుమానం ఇదే. కానీ ఎక్కువసార్లు కాటాలో తేడా ఏమీ ఉండదు. కొరియర్ వాళ్లు సరుకు బరువును ఒక్కటే చూడరు. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. ఈ లెక్క ముందే తెలిస్తే అదే మిర్చిని అదే ఊరికి మూడో వంతుకు పైగా తక్కువ ఖర్చుతో పంపొచ్చు. అదెలాగో చూద్దాం.

రాయికీ, మిర్చికీ ఒకే బిల్లు!

చిలకలూరిపేట, ఒంగోలు మధ్య 16వ జాతీయ రహదారి మీద ఉన్న మార్టూరు నుంచి రెండు పూర్తిగా భిన్నమైన సరుకులు బయటికి వెళ్తుంటాయి. ఒకటి గ్రానైట్. రెండోది చుట్టుపక్కల పొలాల్లో పండే మిర్చి, పత్తి. కొరియర్ లెక్క అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ముందు గ్రానైట్ సంగతి. కొనేవాళ్లకు రంగు, పాలిష్ చూపించడానికి చిన్న చిన్న శాంపిల్ ముక్కలు పంపుతారు. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క సుమారు 540 గ్రాములు తూగుతుంది. అలాంటివి 18 ముక్కలు సర్దితే ప్యాకింగ్‌తో కలిపి సుమారు 10.2 కిలోలు. కానీ పెట్టె మాత్రం చిన్నదే. 24 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 14 ఎత్తు ఉంటే చాలు.

ఇప్పుడు మిర్చి. ఐదు కిలోల తొడిమ మిర్చిని నొక్కకుండా అలాగే పోస్తే 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 30 ఎత్తు ఉన్న అట్టపెట్టె నిండిపోతుంది. తూకం చూస్తే 5.4 కిలోలే.

కొరియర్ సంస్థలు పెట్టె సైజును కూడా కిలోల్లోకి మారుస్తాయి. దాన్నే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. సూత్రం చాలా సింపుల్. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించాలి. డీహెచ్ఎల్, ఫెడెక్స్, యూపీఎస్ లాంటి అంతర్జాతీయ సంస్థలు వాడేది 5000నే. దేశంలోని చాలా కొరియర్లదీ ఇదే పద్ధతి. కొన్నిచోట్ల 4000 గానీ, 4500 గానీ, 6000 గానీ ఉంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే మన బిల్లు అంత ఎక్కువ. అందుకే కౌంటర్‌లో రేటు అడిగే ముందు 'ఎంతతో భాగిస్తారు?' అని అడగాలి.

మన రెండు పెట్టెల్ని ఈ లెక్కలో పెట్టి చూడండి.

```
గ్రానైట్: 24 × 22 × 14 ÷ 5000 = 1.48 కిలోలు
మిర్చి:   45 × 35 × 30 ÷ 5000 = 9.45 కిలోలు
```

గ్రానైట్‌కు సైజు లెక్క ఒకటిన్నర కిలోలే వచ్చింది కాబట్టి అసలు బరువు 10.2 కిలోలకే ఛార్జీ. మిర్చికి సైజు లెక్క 9.45 కిలోలు వచ్చింది కాబట్టి 5.4 కిలోల అసలు బరువును పక్కన పెట్టేస్తారు. ఆపైన చాలా సంస్థలు అర కిలో చొప్పున పైకి సర్దుతాయి. అప్పుడు గ్రానైట్ 10.5 కిలోలు, మిర్చి 9.5 కిలోలు అవుతుంది. అంటే పది కిలోల రాయికీ, ఐదు కిలోల మిర్చికీ దాదాపు ఒకే బిల్లన్నమాట! రసీదు మీద 'ఛార్జబుల్ వెయిట్' అని ఉండేది ఈ చివరి అంకె. బిల్లు మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఎందుకిలా వసూలు చేస్తారు?

హైవే మీద వెళ్లే లారీల్ని చూస్తే విషయం ఇట్టే అర్థమవుతుంది. గ్రానైట్ బండలు వేసుకున్న లారీలో సగం బాడీ ఖాళీగా కనిపిస్తుంది. కానీ అది మోయగలిగినంత బరువు ఎక్కేసింది, ఇంకేమీ వేయడానికి లేదు. పత్తి లారీ మాత్రం రెండు పక్కలా ఉబ్బి, తాళ్లు బిగించుకుని వెళ్తుంటుంది. బరువు చూస్తే ఇంకా ఎక్కించొచ్చు, చోటే లేదు. ఒక బండికి బరువుతో హద్దు వచ్చింది, రెండోదానికి చోటుతో వచ్చింది. డీజిల్, డ్రైవర్ జీతం, టోల్ మాత్రం రెండింటికీ పెట్టాల్సిందే. ఒక్క బరువుకే రేటు కడితే పత్తి లాంటి తేలికైన సరుకు ఎత్తిన ప్రతిసారీ రవాణా సంస్థకు నష్టమే. విమానంలో చోటు ఇంకా తక్కువ కాబట్టి అక్కడ ఈ లెక్క మరింత గట్టిగా అమలవుతుంది.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు

5000తో భాగించడం అంటే కిలోకు ఐదు లీటర్ల చోటు ఇచ్చినట్టు. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ఓ తేలిక మార్గం ఉంది. 20 లీటర్ల వాటర్ క్యాన్‌లోని నీళ్లంత చోటు పట్టే పెట్టెకు నాలుగు కిలోలు సరిహద్దు. ఆ పెట్టెలో సరుకు నాలుగు కిలోలు దాటితే తూకానికే ఛార్జీ పడుతుంది. తక్కువ తూగితే సైజుకు ఛార్జీ పడుతుంది.

దీని ప్రకారం కారం, పసుపు, పప్పులు, పచ్చళ్లు, బెల్లం లాంటివన్నీ తూకం సరుకులే. వీటికి పెట్టె సైజు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. తొడిమ మిర్చి, పత్తి దిండ్లు, బొంతలు, మరమరాల లాంటివి సైజు సరుకులు. ఇక్కడే బిల్లు పెరిగేది. రెండున్నర కిలోల పత్తి దిండు కూడా పైన చెప్పిన మిర్చి పెట్టెలో పెడితే తొమ్మిదిన్నర కిలోల బిల్లే వస్తుంది.

టేపు అంగుళాల్లో ఉంటే మూడు కొలతలు గుణించి 305తో భాగిస్తే సరిపోతుంది. ఉదాహరణకు 18 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 12 ఎత్తు ఉన్న పెట్టె 9.9 కిలోల లెక్కకు వస్తుంది. కొలిచేటప్పుడు మాత్రం పెట్టెను ప్యాక్ చేసి, టేపు వేసి, బయటి నుంచి కొలవాలి. లోపలి కొలతలు చెప్తే కుదరదు.

కుదిస్తే ఎంత తగ్గుతుంది?

అదే ఐదు కిలోల మిర్చిని సర్ది, మెల్లగా నొక్కి కడితే 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు ఉన్న పెట్టెలో పట్టించొచ్చు. లెక్క వేస్తే సరిగ్గా ఆరు కిలోలు వస్తుంది. తొమ్మిదిన్నర నుంచి ఆరుకు, అంటే మూడున్నర కిలోల ఛార్జీ మిగిలినట్టే.

అయితే ఇక్కడో చిక్కుంది. ఎండకు గలగలలాడుతున్న మిర్చిని నొక్కితే ముక్కలైపోతుంది. గింజలు రాలి, దుమ్ము లేచి, అటు వంటకూ ఇటు చూపుకూ పనికిరాకుండా పోతుంది. అందుకని కొందరు నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. పార్శిల్ విషయంలో ఇది ప్రమాదం. మూసిన పెట్టెలో రెండు మూడు రోజులు ఉండేసరికి ఆ తడికి బూజు పడుతుంది. నీళ్లు చల్లకుండా పొద్దున్నే, ఎండెక్కకముందు కట్టడం మంచిది. రాత్రి చల్లదనానికి కాయ దానంతటదే కాస్త మెత్తబడి, వంగుతుంది కానీ విరగదు. కాయను వంచి చూసినప్పుడు పెళుక్కున విరిగితే ఇంకా నొక్కే సమయం కాలేదని అర్థం.

అసలు పంపేది వంటకే అయితే మరో దారి ఉంది. మిర్చిని ఇక్కడే కారం పట్టించి పంపితే ఐదు కిలోల కారం 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు ఉన్న పెట్టెలో పడుతుంది. దాని సైజు లెక్క మూడు కిలోలే. కాబట్టి తూకం ప్రకారం ఐదున్నర కిలోలకే ఛార్జీ.

రెండు పెట్టెలా.. ఒక్కటా?

ఇంటి నుంచి పార్శిల్ అంటే ఒక్క మిర్చితో అయిపోదు. కారం, మిర్చి రెండూ పంపాల్సి వస్తే విడివిడిగా కట్టాలా, కలిపి కట్టాలా? నొక్కని మిర్చి పెట్టె 9.5 కిలోలు, కారం పెట్టె 5.5 కిలోలు. విడివిడిగా పంపితే మొత్తం 15 కిలోల బిల్లు. రెండింటినీ 45 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 33 ఎత్తు ఉన్న ఒకే పెట్టెలో సర్దితే సైజు లెక్క 11.88 కిలోలు వస్తుంది. అసలు తూకం 11 కిలోల లోపే. కాబట్టి బిల్లు 12 కిలోలకే. సరుకు అదే, పెట్టె ఒక్కటైంది. మూడు కిలోలు తగ్గాయి!

కారణం సులువే. మిర్చి పెట్టెలో బరువు చాలక చోటుకు డబ్బు కడుతున్నారు. కారం పెట్టెలో చోటు మిగిలి ఉన్నా బరువుకు కడుతున్నారు. కలిపితే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. బరువైన కారం ప్యాకెట్లు అడుగున, మిర్చి పైన ఉండాలి. నూనె పచ్చడిని మాత్రం మిర్చితో కలపకపోవడమే మేలు. సీసా మూత ఊడితే పెట్టె మొత్తం పాడవుతుంది. పైగా విమానంలో వెళ్లే పార్శిళ్లలో నూనె, ద్రవాలు ఉంటే చాలా సంస్థలు తీసుకోవు, లేదంటే ప్రత్యేక ప్యాకింగ్ అడుగుతాయి.

దూరం అంత భారం కాదు!

దూరం పెరిగితే ఛార్జీ పెరుగుతుంది, నిజమే. కానీ చాలామంది అనుకున్నంత కాదు. పోస్టాఫీసు స్పీడ్ పోస్ట్ టారిఫ్ చూస్తే ఇది తెలుస్తుంది. 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 251 నుంచి 500 గ్రాముల డాక్యుమెంట్ కవరుకు 201 నుంచి 500 కిలోమీటర్ల దూరమైతే రూ.75. అదే 2,000 కిలోమీటర్లు దాటితే రూ.93. దీనిపై జీఎస్టీ అదనం. దూరం కనీసం నాలుగు రెట్లు పెరిగినా ఛార్జీ నాలుగో వంతే పెరిగింది. ఇక 50 గ్రాముల లోపు కవరైతే లోకల్ కాకుండా దేశంలో ఎక్కడికైనా ఒకటే రేటు, రూ.47.

ఎందుకంటే కవర్ తీసుకోవడం, సార్టింగ్, చివర్లో ఇంటికి చేర్చడం లాంటి పనుల ఖర్చు పక్క ఊరికైనా, ఢిల్లీకైనా ఒక్కటే. మధ్యలో ప్రయాణం ఖర్చే మారుతుంది. ప్రైవేట్ కొరియర్లు కిలోమీటర్లు కాకుండా జోన్లు పెడతాయి. అదే ఊరు, అదే రాష్ట్రం, పొరుగు రాష్ట్రాలు, మెట్రో నగరాలు, మిగతా దేశం, ఈశాన్యం, జమ్మూకశ్మీర్.. ఇలా ఉంటాయి. కాబట్టి దగ్గరగా ఉన్న పల్లెకు పంపడం కన్నా దూరంగా ఉన్న నగరానికి పంపడం చవగ్గా పడే సందర్భాలూ ఉంటాయి. రోజూ డెలివరీ వెళ్లని ఊరి పిన్‌కోడ్ అయితే 'ఓడీఏ' పేరుతో అదనపు ఛార్జీ వేస్తారు. అడ్రస్ చెప్పేటప్పుడు ముందు పిన్‌కోడ్ ఇచ్చి, అదనం ఏమైనా ఉందేమో కనుక్కోవాలి.

స్పీడ్‌కు డబ్బు ఎప్పుడు పెట్టాలి?

బిల్లును ఒక్కసారిగా పెంచేది స్పీడ్. రోడ్డు మీద వెళ్లేదాన్ని సర్ఫేస్ అని, విమానంలో వెళ్లేదాన్ని ఎయిర్ లేదా ఎక్స్‌ప్రెస్ అని అంటారు. తేడా తెలియడానికి ఒక లెక్క వేద్దాం. ఈ రేట్లు ఏ సంస్థవీ కావు, ఉదాహరణకు అనుకున్నవి మాత్రమే. సర్ఫేస్‌లో హైదరాబాద్‌కు కిలో రూ.40, ఢిల్లీకి రూ.60. ఎయిర్‌లో ఢిల్లీకి కిలో రూ.130. దీనిపై ఫ్యూయల్ సర్‌ఛార్జ్ 20 శాతం, ఆ మొత్తం మీద జీఎస్టీ 18 శాతం.

నొక్కని మిర్చి పెట్టె, అంటే 9.5 కిలోలు, హైదరాబాద్‌కు సర్ఫేస్‌లో సుమారు రూ.538 అవుతుంది. కుదించి కట్టిన ఆరు కిలోల పెట్టె రూ.340. ఢిల్లీకి సర్ఫేస్‌లో అవే రెండూ రూ.807, రూ.510. ఎయిర్‌లో అయితే రూ.1,749, రూ.1,104. గమనించారా? బాగా కట్టిన పెట్టె ఢిల్లీ దాకా వెళ్లినా, వదులుగా కట్టిన పెట్టె హైదరాబాద్‌కు వెళ్లిన ఖర్చు కన్నా తక్కువే. ఫ్యూయల్ సర్‌ఛార్జ్, జీఎస్టీ రెండూ శాతాలే కాబట్టి ఛార్జబుల్ వెయిట్ తగ్గితే అవీ తగ్గుతాయి.

మరి ఎయిర్ ఎప్పుడు అవసరం? మార్టూరు నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. రాత్రి బయల్దేరిన లారీ తెల్లారేసరికి చేరిపోయే దూరం. అక్కడికి ఎక్స్‌ప్రెస్ పేరుతో ఎక్కువ కట్టినా సరుకు రోడ్డు మీదే వెళ్తుంది. ఢిల్లీ, కోల్‌కతా లాంటి దూరాలకే విమానంతో రెండు మూడు రోజులు కలిసొస్తాయి. అదీ సాయంత్రం బండి వెళ్లకముందు బుక్ చేస్తేనే. చిన్న ఊళ్ల నుంచి పార్శిళ్లు రోజుకు ఒకసారే దగ్గర్లోని హబ్‌కు వెళ్తుంటాయి. ఆ టైమ్ దాటితే ఎయిర్‌కు డబ్బు కట్టినా పార్శిల్ ఆ రాత్రి కౌంటర్‌లోనే ఉంటుంది. అందుకే 'ఎన్ని రోజులు?' అని అడిగే బదులు 'ఇవాళ బండి ఎన్నింటికి వెళ్తుంది?' అని అడగాలి. మిర్చి, కారం లాంటివి రెండు రోజులు ఆలస్యమైనా పాడవవు కాబట్టి ఎయిర్ అవసరం దాదాపు ఉండదు.

ట్రాన్స్‌పోర్ట్, ఆర్టీసీ చవకేనా?

లారీ పార్శిల్ ఆఫీసుల్లో కిలో రేటు తక్కువగా కనిపిస్తుంది. కానీ అక్కడ లెక్క ఘనపు అడుగుల్లో ఉంటుంది. సీఎఫ్‌టీ అంటారు. ఒక్కో ఘనపు అడుగుకు ఆరు, ఎనిమిది లేదా పది కిలోలుగా కడతారు. మన నొక్కని మిర్చి పెట్టె సుమారు 1.67 ఘనపు అడుగులు. ఆరు కిలోల లెక్కన పది కిలోలు అవుతుంది. పది కిలోల లెక్కన ఏకంగా 16.7 కిలోలు! ఐదు కిలోల సరుకుకు మూడు రెట్లు. పైగా చాలా ట్రాన్స్‌పోర్ట్‌లు కనీస బరువు పెడతాయి. అందుకని ఒకటీ అరా పెట్టెకు లారీ పార్శిల్ పెద్దగా కలిసిరాదు. బస్తాల లెక్కన పంపేవాళ్లకే లాభం.

ఆర్టీసీ కార్గోలో బరువు, దూరాన్ని బట్టి ఛార్జీ ఉంటుంది. రాత్రి బస్సు ఎక్కిస్తే తెల్లారి హైదరాబాద్‌లో ఉంటుంది. కాకపోతే ఎక్కువగా బస్టాండు నుంచి బస్టాండు వరకే, తీసుకునేవాళ్లే కౌంటర్‌కు రావాలి. ఆలస్యమైతే డెమరేజ్ పడుతుంది. ఆటో ఖర్చు, పోగొట్టుకున్న పూట కలుపుకొంటే ఇంటికి తెచ్చిచ్చే కొరియర్ కన్నా ఎక్కువయ్యే వీలుంది. తీసుకునేవాళ్లు బస్టాండు దగ్గర్లో ఉంటే మాత్రం ఇదే మేలు.

బిల్లు తర్వాత పెరిగిందా?

కౌంటర్‌లో ఆరు కిలోలని చెప్పి, తర్వాత ఏడున్నర కిలోలకు డబ్బు అడిగిన సందర్భాలు ఉంటాయి. ఎక్కువగా ఆన్‌లైన్ బుకింగ్‌లో, నెలవారీ ఖాతాల్లో ఇలా జరుగుతుంది. హబ్‌లో మెషీన్లు పెట్టెను మళ్లీ కొలుస్తాయి. అవి పెట్టె అంచుల్ని కాదు, ఎక్కడ ఎక్కువ పొంగితే అక్కడి నుంచి కొలుస్తాయి. నలభై, ముప్ఫై, ఇరవై ఐదు సెంటీమీటర్ల పెట్టె నిండుగా కుక్కడం వల్ల ఒక్కో కొలత రెండు సెంటీమీటర్లు పెరిగితే లెక్క 7.26 కిలోలకు వెళ్తుంది. అర కిలోకు సర్దితే ఏడున్నర! కొలతల్లో కంటికి ఆనని తేడా బిల్లులో ఒకటిన్నర కిలోలైంది. గోనెసంచి, ప్లాస్టిక్ సంచిలకు ఈ బెడద ఇంకా ఎక్కువ.

కాబట్టి పెట్టెను పొంగేలా కుక్కకూడదు. ఖాళీ వదిలేయనూ కూడదు. పైన నాలుగు వేళ్ల ఖాళీ మిగిలితే మూలల్ని కిందికి కోసి, రెక్కల్ని సరుకు మట్టానికి మడిచి టేపు వేయాలి. 40, 30 కొలతల పెట్టెలో ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గిస్తే సుమారు ఒక కిలో ఛార్జీ తగ్గుతుంది.

పంపేముందు పెట్టెను కాటా మీద పెట్టి ఒక ఫొటో, మూడు వైపులా టేపు పెట్టి మూడు ఫొటోలు తీసి ఉంచుకుంటే తర్వాత అభ్యంతరం చెప్పడానికి ఆధారం ఉంటుంది. రసీదు చేతికి రాగానే చూడాల్సింది మొత్తం రూపాయలు కాదు, ఛార్జబుల్ వెయిట్. అది ఇంట్లో వేసుకున్న లెక్క కన్నా అర కిలోకు మించి ఎక్కువ ఉంటే అక్కడే ఆగి, తమ ముందే మళ్లీ కొలవమని అడగాలి. పార్శిల్ బండెక్కాక అడిగితే కొలిచి చూపించడానికి పెట్టె అక్కడ ఉండదు.